లైకుల లెక్క పక్కన పెడదామని టీమ్ మీటింగ్‌లో ఒప్పించడం ఎలా

నెలవారీ మార్కెటింగ్ మీటింగ్‌లో మొదటి స్లైడ్ మీద పోస్టు తెరమీద ఎన్నిసార్లు కనిపించిందో చెప్పే ఇంప్రెషన్లు, లైకులు, ఫాలోవర్లు ఉంటాయి. గ్రాఫ్ పైకే పోతుంటుంది, అందరూ తలాడిస్తారు. చివర్లో ఎవరో "మరి వీటివల్ల కొన్నవాళ్లు ఎంతమంది?" అని అడిగితే గదిలో చప్పుడుండదు. ఆ స్లైడ్ మార్చాలని మీరు లేచి మాట్లాడబోతున్నారనుకుందాం. ఇలాంటి విషయం మీద ఏడెనిమిది నిమిషాలు మించి ఎవరూ వినరు. ఆ కాస్త సమయంలో ఏం చెప్పాలో, దానికి ముందు ఏం సిద్ధం చేసుకోవాలో చూద్దాం.

ఇలాంటి స్పీచ్‌లు ఎక్కువగా రెండు కారణాలవల్ల దెబ్బతింటాయి. మొదటిది, "లైకులతో లాభం లేదు" అని మొదలుపెట్టడం. ఏడాదిగా ఆ లైకుల కోసమే కష్టపడినవాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటారు. మీరు ఎవర్నీ వేలెత్తి చూపకపోయినా వాళ్లకి ఆ మాట తమకే తగులుతుంది. ఇక ఆ తర్వాత మీరు చెప్పేదేదీ చెవికెక్కదు. రెండోది, పాత అంకె తీసేయమంటారు గానీ దాని చోట ఏది పెట్టాలో చెప్పరు. అప్పుడు "మంచి పాయింట్, ఆలోచిద్దాం" అంటారు, వచ్చే నెల మళ్లీ అదే స్లైడ్ వస్తుంది. అందుకే అసలు పనంతా మీటింగ్‌కి ముందే ఉంటుంది.

ముందు రెండు పోస్టులను చివరిదాకా వెంబడించండి

మొత్తం డేటా తవ్వకండి. గడిచిన మూడు నెలల్లోంచి రెండు పోస్టులు తీసుకోండి చాలు: అందరూ మెచ్చుకున్నది ఒకటి, ఎవరూ పట్టించుకోనిది ఒకటి. ఒక్కోదాన్ని తెరమీద కనిపించిన దగ్గర్నుంచి డబ్బు కట్టిన కస్టమర్ దాకా మెట్టుమెట్టుగా రాసుకోండి.

దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక కంపెనీని ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు లెక్క తెలియడానికి ఊహించినవి. మొదటిది నవ్వు తెప్పించే రీల్. 4,20,000 ఇంప్రెషన్లు, 18,600 లైకులు వచ్చాయి. అందులోంచి సైట్‌కి వచ్చిన క్లిక్కులు 630. డెమో కావాలని ఫారం నింపినవాళ్లు 14 మంది, నిజంగా డెమోకి కూర్చున్నవాళ్లు 5 మంది, కొన్నది ఒక్కరు. రెండోది, దుకాణంలో పాత సరుకుల జాబితాను సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా ఎక్కించాలో చూపించిన సాదాసీదా వీడియో. 9,800 ఇంప్రెషన్లు, 112 లైకులు. కానీ క్లిక్కులు 340, డెమో అడిగినవాళ్లు 41, కూర్చున్నవాళ్లు 29, కొన్నవాళ్లు 11.

దీనికి ఇంకో గడి కలపండి: పనిగంటలు. రీల్‌కి రాత, షూటింగ్, ఎడిటింగ్ అన్నీ కలిపి 26 గంటలు పట్టింది. వీడియోకి 9 గంటలు. అంటే రీల్ దారిలో ఒక్క కస్టమర్‌కి 26 గంటలు ఖర్చయ్యాయి, వీడియో దారిలో సుమారు 49 నిమిషాలు. ప్రకటనలకి డబ్బు పెట్టి ఉంటే అదీ ఇలాగే భాగించవచ్చు, కానీ టీమ్ లోపల మాట్లాడేటప్పుడు గంటల లెక్కే ఎక్కువ పనిచేస్తుంది. బడ్జెట్ ఎవరిదో అనిపిస్తుంది, గంటలు మాత్రం ప్రతివాళ్లకీ తమవే.

ఈ వెంబడింపు చాలాచోట్ల మధ్యలో తెగిపోతుంది. ఎక్కడ తెగిందో వెతికితే సాధారణంగా లింక్ దగ్గరే దొరుకుతుంది. ప్రతి పోస్టుకీ దానికంటూ ఒక లింక్ ఉండాలి, ఎక్కడినుంచి, ఏ పోస్టు చూసి వచ్చారో చెప్పే utm తోక దాని చివర ఉండాలి:

```
https://example.com/demo?utm_source=instagram&utm_medium=social&utm_campaign=stock_list_video
```

ఇందులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ వేరువేరుగా లెక్కకొస్తాయి. ఒకరు `Instagram` అని, ఇంకొకరు `instagram` అని రాస్తే రిపోర్టులో రెండు వరుసలు తయారవుతాయి, రెండూ సగంసగం కనిపిస్తాయి. అన్నీ చిన్నక్షరాల్లోనే రాయాలని ముందే అనుకోండి. సైట్ లోపల ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే లింకులకి మాత్రం ఈ తోక తగిలించకండి. మనిషి అసలు ఎక్కడినుంచి వచ్చాడన్న వివరం దాంతో గల్లంతవుతుంది.

లింక్ ఒక్కటే సరిపోదు. అనలిటిక్స్‌లో ఎన్ని ఫారాలు నిండాయో కనిపిస్తుంది గానీ, వాళ్లలో ఎవరు డబ్బు కట్టారో కనిపించదు. అది సేల్స్ వాళ్ల రిజిస్టర్‌లోనో, కస్టమర్ల వివరాలు ఉంచే సీఆర్ఎమ్ సాఫ్ట్‌వేర్‌లోనో ఉంటుంది. కాబట్టి ఫారంలో కనిపించని గడి ఒకటి పెట్టించి, లింక్‌లో ఉన్న `utm_campaign` విలువ అందులో పడేలా చేయించాలి. అప్పుడు ఫలానా కస్టమర్ ఫలానా వీడియో చూసి వచ్చాడని సేల్స్ రికార్డులోనే కనబడుతుంది. ఇది మీ దగ్గర ఇంకా లేకపోతే మీటింగ్ వాయిదా వేయనక్కర్లేదు. ఈ మధ్య కొన్న 20 మందికి ఫోన్ చేసి "మా గురించి మొదట ఎక్కడ విన్నారు?" అని అడిగి రాసుకోండి. కచ్చితమైన లెక్క కాదు, కానీ ఏమీ లేనిదానికన్నా వెయ్యిరెట్లు నయం.

కొత్త అంకె ఏ మెట్టు మీద పెట్టాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లైకులు వద్దనగానే "అయితే లీడ్స్ లెక్కపెడదాం" అంటారు. నిండిన ఫారాల సంఖ్యే టార్గెట్ అయితే ఆ సంఖ్య పెంచడం చాలా తేలిక. ఫోన్ నంబర్ గడి తీసేస్తే పెరుగుతుంది, బహుమతి ఇస్తామంటే ఇంకా పెరుగుతుంది. సేల్స్ వాళ్లు ఫోన్ చేస్తే అవతల "ఏ డెమో అండీ? నేను గిఫ్ట్ కోసం నింపాను" అంటారు. కొలమానాన్ని టార్గెట్‌గా మారిస్తే అది నమ్మదగిన కొలమానంగా ఉండదని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుమీద ఒక సూత్రమే ఉంది. 1975లో ఆయన ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట అది, మార్కెటింగ్ రిపోర్టుకీ అతికినట్టు సరిపోతుంది.

అలాగని ఏకంగా అమ్మకాల మొత్తాన్నే తెచ్చి మార్కెటింగ్ టీమ్ నెత్తిన పెట్టినా కుదరదు. అమ్మకం ఆలస్యంగా తేలుతుంది. పైగా ధర, డిస్కౌంట్, సేల్స్ మనిషి తీరు, ఇవేవీ టీమ్ చేతిలో ఉండవు. చేతిలో లేని అంకెకి బాధ్యత పెడితే మొదటి చెడ్డ నెలలోనే సాకులు మొదలవుతాయి.

మధ్యలో ఒక మెట్టు ఉంటుంది. కస్టమర్ తన వైపు నుంచి ఏదో ఒకటి ఖర్చుపెట్టే మెట్టు అది. లైక్ కొట్టడానికి ఏమీ పోదు, ఫారం నింపడానికి అర నిమిషం చాలు. డెమోకి కూర్చోవాలంటే మాత్రం దుకాణం పనిలోంచి అరగంట తీసి ఇవ్వాలి. ఆ అరగంట ఎవరూ ఊరికే ఇవ్వరు. కాబట్టి ఈ ఉదాహరణలో పట్టుకోవాల్సిన అంకె "డెమోకి కూర్చున్నవాళ్లు". మీ వ్యాపారంలో అది ట్రయల్ మొదలుపెట్టి రెండోవారం కూడా వాడినవాళ్లు కావచ్చు, అడ్వాన్స్ కట్టినవాళ్లు కావచ్చు, సలహా కోసం అపాయింట్‌మెంట్‌కి వచ్చినవాళ్లు కావచ్చు. ఏదైనా సరే, అది నిజంగా జరిగిందని సేల్స్ వాళ్లు తమ రికార్డులో గుర్తు పెట్టాలి. లెక్క మార్కెటింగ్ ఒక్కరి చేతిలోనే ఉంటే దాన్ని ఎవరూ నమ్మరు.

స్పీచ్ రాసుకోవడం

కాగితం మీద పూర్తిగా రాసి, గడియారం పెట్టుకుని పైకి ఒకసారి చదవండి. ఎనిమిది నిమిషాలు దాటితే కోయండి. కోయాల్సినవి చాలాసార్లు నిర్వచనాలే. "వానిటీ మెట్రిక్స్ అనగా" అని మొదలుపెడితే అక్కడే సగంమంది ఫోన్ తీస్తారు. లైకుల్లాంటి షోకు అంకెలకు పెట్టిన ఆ పదం అసలు వాడకపోయినా పని జరుగుతుంది.

మొదటి నిమిషంలో ప్రశ్న వేయండి:

"పోయిన మూడు నెలల్లో మనం 38 పోస్టులు పెట్టాం. వాటిలో కస్టమర్‌ని తెచ్చింది ఏదో ఎవరైనా చెప్పగలరా? నేనైతే చెప్పలేకపోయాను. మన రిపోర్టులో 11 అంకెలున్నాయి. ఈ ప్రశ్నకి జవాబిచ్చేది ఒక్కటీ లేదు."

ప్రశ్న అడిగాక ఆగండి. నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా నింపకండి. "నేనైతే చెప్పలేకపోయాను" అన్న మాట వదలొద్దు. అది లేకపోతే ప్రశ్న పరీక్షలా వినిపిస్తుంది. ఎవరైనా "ఆ రీల్ కదా" అన్నారంటే ఇంకా మంచిది, తర్వాతి స్లైడ్‌కి వాళ్లే దారి చూపించారు.

రెండో నిమిషం నుంచి నాలుగో నిమిషం దాకా ఆ రెండు పోస్టులే. స్లైడ్ కన్నా వైట్‌బోర్డు మేలు. రెండు నిలువు గళ్లు గీసి ఇంప్రెషన్ల నుంచి కిందికి ఒక్కో అంకే రాస్తూ పోండి. మొదటి రెండు వరుసల్లో రీల్ ఆకాశంలో ఉంటుంది. డెమో వరుసకి వచ్చేసరికి తలకిందులవుతుంది. అది వాళ్ల కళ్లముందు జరగాలి గానీ మీరు ముందే చెప్పేయకూడదు. చివర్లో గంటలు రాసి, భాగహారం వాళ్లనే చేయమనండి.

ఇక్కడే ఇంప్రెషన్ అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. అది మనుషుల లెక్క కాదు, తెరమీదికి ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క. ఒకే మనిషికి ఐదుసార్లు వస్తే ఐదు. డిస్‌ప్లే ప్రకటన "కనిపించింది" అనడానికి పరిశ్రమ పెట్టుకున్న గట్టి ప్రమాణం కూడా సగం పిక్సెల్స్ ఒక సెకను పాటు తెరమీద ఉండడమే. పైగా ఆ లెక్క ప్లాట్‌ఫామ్ చేతిలో ఉంటుంది. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో మొదలైన ప్రతిసారీ, తిరిగి మొదలైనా సరే, ఒక వ్యూగా లెక్కిస్తున్నారు. ఎంతసేపు చూశారన్న షరతు లేదు. అంటే మనం ఏమీ చేయకుండానే మన గ్రాఫ్ పైకి లేవగలదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, నాలుగైదు చెబితే పాఠమైపోతుంది.

ఐదో నిమిషం అన్నిటికన్నా సున్నితమైనది. రీల్ చేసినవాళ్లు ఈపాటికి ముడుచుకుపోయి ఉంటారు. వాళ్లకి ముందురోజే విడిగా చెప్పి ఉంచాలి, బోర్డు మీద వాళ్ల పనిని వాళ్లు మొదటిసారి చూడకూడదు. మీటింగ్‌లో మాత్రం ఇలా అనండి:

"రీల్ బాగోలేదని నేననడం లేదు. జనాన్ని ఆపి చూపించమన్నాం, చూపించింది. కొనేవాళ్లని తెమ్మని మనం అడగనే లేదు. ఈ రిపోర్టు ఫార్మాట్ ఒప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను."

ఆరో నిమిషంలో ప్రతిపాదన. గడువు పెట్టి, చిన్నదిగా అడగండి:

"వచ్చే నెల ఒకటి నుంచి మూడు నెలలు. రిపోర్టు మొదటి పేజీలో మూడే అంకెలు: డెమోకి కూర్చున్నవాళ్లు, వాళ్లలో కొన్నవాళ్లు, ఒక్కో డెమోకి మనకి పట్టిన గంటలు. ఇంప్రెషన్లూ లైకులూ తీసేయడం లేదు, చివరి పేజీకి పంపుతున్నాం. ఈ మూడు నెలలూ ఎవరి అప్రైజల్‌కీ కొత్త అంకెలు వాడం."

చివరి వాక్యం మీరు చెప్పగల స్థితిలో లేకపోతే, చెప్పగలిగిన మేనేజర్‌తో ముందే మాట్లాడి ఆయన నోటనే చెప్పించండి. ఈ హామీ లేకుండా కొత్త లెక్క మొదలుపెడితే అంకెలు మొదటి నెలలోనే వంకరపోతాయి. డెమోకి రానివాణ్ణి కూడా "వచ్చాడు" అని రాసేస్తారు.

లైకులను చివరి పేజీలో ఉంచడం మొహమాటానికి కాదు. అవి మెకానిక్‌కి అవసరమైన అంకెలు. డెమోలు తగ్గిన నెలలో ఇంప్రెషన్లు కూడా పడిపోయి ఉంటే పోస్టు జనానికి చేరనే లేదని అర్థం. ఇంప్రెషన్లు అలాగే ఉండి క్లిక్కులు తగ్గితే పోస్టులో చెప్పిన విషయం తగల్లేదు. క్లిక్కులు ఉండి ఫారాలు లేకపోతే పేజీని చూడాలి. గెలుపు చాటడానికి పనికిరావు గానీ, లోపం ఎక్కడుందో వెతకడానికి పనికొస్తాయి.

మిగిలిన కాస్త సమయంలో పనులు పంచండి. లింకుల పేర్ల జాబితా ఎవరు ఉంచుతారు, ఫారంలో గడి ఎవరు పెట్టిస్తారు, సేల్స్ వైపు నుంచి ప్రతి శుక్రవారం గుర్తులు పెట్టేది ఎవరు. మూడు పేర్లు, మూడు తేదీలు. పేర్లు లేకుండా గది ఖాళీ అయిందంటే మీ స్పీచ్ బాగుందనే చెప్పుకుంటారు, అంతే.

ఎదురయ్యే ప్రశ్నలు

"మరి బ్రాండ్ సంగతి?" అన్నది తప్పకుండా వస్తుంది, అందులో నిజమూ ఉంది. రీల్ చూసినవాడు ఆరోజు క్లిక్ చేయకుండా, నెల తర్వాత మన పేరు గుర్తుండి వెతుక్కుంటూ రావచ్చు. అతని ఫారంలో రీల్ లింక్ ఉండదు. దాన్ని కాదనకండి. "ఒప్పుకుంటాను, అయితే దాన్ని లైకులు కొలవడం లేదు కదా" అనండి. కొలవడానికి రెండు దారులు ఉన్నాయి. ఫారంలో "మా గురించి ఎలా తెలిసింది?" అని ఖాళీగా రాసుకునే గడి పెట్టడం ఒకటి. జాబితాలోంచి ఎంచుకోమంటే చాలామంది మొదటిది నొక్కేస్తారు, అందుకే రాయమనాలి. రెండోది, కంపెనీ పేరుతో గూగుల్‌లో ఎన్నిసార్లు వెతికారన్న లెక్క. సైట్ ఉన్నవాళ్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పేరుకి వచ్చిన క్వెరీలను నెలనెలా చూస్తే తెలుస్తుంది. రీల్స్ నిజంగా పేరు నాటుతుంటే ఈ రెండుచోట్లా అది బయటపడాలి.

"రెండు పోస్టులు చూసి తీర్పు చెప్పేస్తారా?" ఇది న్యాయమైన ప్రశ్న. 1కీ 11కీ మధ్య తేడా పెద్దదే అయినా, ఒక్క పెద్ద కస్టమర్ అటు పడితే కథ మారిపోతుంది. జవాబు సూటిగా ఉండాలి: "తీర్పు కాదు. మనం ఏది లెక్కపెట్టడం లేదో చూపించడానికే ఈ రెండు. తీర్పు మూడు నెలల తర్వాత." ఇక్కడ రెండు పోస్టుల లెక్కను మరీ సాగదీసి వాదిస్తే మీరే ఇరుక్కుంటారు.

"పైవాళ్లు లైకులే అడుగుతారు." వాళ్లు అడిగేది సాధారణంగా వాళ్లకి వేరే అంకె ఎవరూ చూపించకే. మొదటి నెల రెండు పేజీలూ పంపండి, కొత్తది పైన. చాలాచోట్ల రెండో పేజీ గురించి ప్రశ్నలు వాటంతటవే తగ్గుతాయి. తగ్గకపోతే పంపుతూనే ఉండండి, దానితో యుద్ధం అక్కర్లేదు.

మొదటి మూడు నెలల్లో లెక్క తప్పే చోటు

కొన్నవాళ్ల సంఖ్యను అదే నెల డెమోల సంఖ్యతో భాగించకండి. డెమో చూసిన మనిషి డబ్బు కట్టడానికి ఆరు వారాలు పడుతుందనుకోండి. ఈ నెల డెమోలు 20 నుంచి 40కి పెరిగాయి, కొన్నవాళ్లు మాత్రం పోయిన నెలలాగే ఆరుగురే, ఎందుకంటే వాళ్లు అంతకుముందు డెమో చూసినవాళ్లు. భాగిస్తే 30 శాతం నుంచి 15కి పడిపోయినట్టు కనిపిస్తుంది. టీమ్ బాగా పనిచేసిన నెలే చెడ్డ నెలగా రిపోర్టుకెక్కుతుంది. దీనికి మందు ఒక్కటే: ప్రతి కస్టమర్‌నీ అతను డెమో చూసిన నెల ఖాతాలో వేయాలి. మార్చిలో డెమో చూసి మేలో కొన్నవాడు మార్చి వరుసలోకే వెళ్తాడు. అంటే పాత నెలల అంకెలు ప్రతి రిపోర్టులో కాస్త మారుతుంటాయి. ఎందుకు మారుతున్నాయో మొదటి రిపోర్టు అడుగునే ఒక వాక్యం రాసిపెట్టండి, లేకపోతే ఎవరో అంకెలు దిద్దుతున్నారన్న అనుమానం వస్తుంది.

ఇంకో చోటు, ప్రకటనల ప్లాట్‌ఫామ్‌లు చెప్పే కన్వర్షన్లు, అంటే ప్రకటన వల్ల ఫారం నింపడంలాంటి పని జరిగిందన్న లెక్క. మెటా ప్రకటనల్లో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం, క్లిక్ చేసిన ఏడు రోజుల్లోగానీ, ఊరికే చూసిన ఒక రోజులోగానీ పని జరిగితే అది తమ ఖాతాలో వేసుకుంటుంది. గూగుల్ యాడ్స్‌లో క్లిక్ తర్వాత మామూలు గడువు 30 రోజులు. ఒకే మనిషి రెండింటినీ దాటి వస్తే ఇద్దరూ "మావాడే" అంటారు. రెండు ప్యానెళ్ల అంకెలు కూడితే అసలు ఉన్న డెమోల కన్నా ఎక్కువ తేలుతుంది. మొదటి పేజీకి సేల్స్ రికార్డులో ఉన్న సంఖ్యే ఎక్కించండి, ప్యానెల్ అంకెలు చివరి పేజీలో లైకుల పక్కన ఉండనివ్వండి.

మొదటి నెల రిపోర్టు చూసి అందరూ కొంచెం డీలా పడతారు. 4,20,000 ఇంప్రెషన్లు ఉన్నచోట 34 డెమోలు కనిపిస్తాయి. ఆ మీటింగ్‌లో అంకె మీద మాట్లాడటం తగ్గించి, ఆ 34 మందిలో ముగ్గురు ఫారంలో రాసిన మాటలు ఉన్నవున్నట్టు చదివి వినిపించండి: ఏ వీడియో చూశారో, దుకాణంలో ఏ ఇబ్బంది ఉండి వచ్చారో. తర్వాతి నెల ఏ పోస్టులు చేయాలో ఆ మూడు వాక్యాల్లోంచే తీయవచ్చు.